జీతం రాని నెలకు ఎంత కావాలి?

ఆరు నెలల జీతం పక్కన పెట్టుకోవాలని డబ్బు సలహాలు చెప్పేవాళ్లు చాలామంది అంటుంటారు. నెలకు 80 వేలు ఇంటికి తెచ్చే మనిషి ఆ మాట వినగానే మనసులో 4.8 లక్షలు అని లెక్కగట్టుకుంటాడు. అంత ఎప్పటికి కూడుతుందిలే అనుకుని ఆ ఊసే వదిలేస్తాడు. నిజానికి ఈ లెక్కలో జీతంతో పనే లేదు. ఉద్యోగం పోయిన ఇంటికి కావలసింది ఖర్చులకు సరిపడా సొమ్ము, అదీ ఇవాళ పెడుతున్న ఖర్చులకు కాదు, జీతం ఆగాక మిగిలే ఖర్చులకు. అప్పుడు కొన్ని వాటంతటవే ఆగిపోతాయి. కొన్ని ఆపుదామన్నా ఆగవు. ఒకటో రెండో కొత్తగా నెత్తిన పడతాయి. వీటిని విడదీయడంలోనే కష్టమంతా ఉంది. ఆ తర్వాత మిగిలేది ఒక గుణకారం, ఒక తీసివేత, ఒక భాగహారం.

హైదరాబాద్ మియాపూర్‌లో అద్దెకుండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆయనది ప్రైవేటు ఉద్యోగం, కటింగులు పోను చేతికొచ్చేది 80,000. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు. ఊళ్లో ఉన్న అమ్మ మందుల ఖర్చు కూడా వీళ్లదే. ఈ ఇంటి ఖర్చును రెండు వరుసల్లో రాస్తే ఇలా ఉంటుంది.

| ఖర్చు | ఇప్పుడు నెలకు | జీతం ఆగితే నెలకు |
|---|---|---|
| అద్దె, మెయింటెనెన్స్ | 17,000 | 17,000 |
| సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ | 14,000 | 14,000 |
| కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ | 3,000 | 3,000 |
| బైక్ ఈఎంఐ | 4,500 | 4,500 |
| పెట్రోలు | 4,000 | 1,500 |
| పనిమనిషి | 2,500 | 0 |
| అమ్మ మందులు | 2,500 | 2,500 |
| చీటీ | 5,000 | 5,000 |
| సిప్ | 3,000 | 0 |
| హోటళ్లు, సినిమాలు | 5,000 | 0 |
| స్కూలు ఫీజులు (ఏడాదికి 96,000) | 8,000 | 8,000 |
| ఎల్‌ఐసీ ప్రీమియం (ఏడాదికి 24,000) | 2,000 | 2,000 |
| బండి ఇన్సూరెన్సు, రిపేర్లు (ఏడాదికి 6,000) | 500 | 500 |
| పండగలు, బట్టలు (ఏడాదికి 18,000) | 1,500 | 0 |
| ఆరోగ్య బీమా (ఏడాదికి 24,000) | 0 | 2,000 |
| మొత్తం | 72,500 | 60,000 |

మనకు కావలసింది కుడివైపు వరుస. ఈ ఇంటికి జీతం రాని నెల ఖరీదు 60,000. ఆరు నెలలకు 3.6 లక్షలు. జీతంతో వేసిన 4.8 లక్షలకన్నా ఇది 1.2 లక్షలు తక్కువ.

ఆగుతాయనుకుంటే ఆగనివి

ఈ పట్టికలో తప్పు ఎక్కువగా దొర్లేది ఏడాదికోసారి వచ్చే ఖర్చుల దగ్గర. బ్యాంకు యాప్ తెరిచి గత నెల ఖర్చు చూసి లెక్కవేసేవాళ్లకు ఫీజులు, ప్రీమియంలు కనిపించవు, ఆ నెలలో కట్టలేదు కాబట్టి. ఈ కుటుంబం అలాగే లెక్కవేసి ఉంటే నెల ఖరీదు 47,500 అని తేలేది, ఆరు నెలలకు 2.85 లక్షలు. అంటే 75,000 తక్కువ. ఆ తక్కువ ఎప్పుడు బయటపడుతుందంటే జూన్‌లో, బడి తెరిచే వారంలో.

ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలలో కలిపినా చిన్న చిక్కు మిగులుతుంది. ఫీజు నెలనెలా కట్టేది కాదు, టర్ముల వారీగా కట్టేది. జూన్‌లో ఒకటి, దసరా సెలవుల అటూ ఇటూ ఒకటి, సంక్రాంతి తర్వాత ఒకటి అనుకుందాం. మే నెలలో ఉద్యోగం పోతే తర్వాతి ఆరు నెలల్లో రెండు టర్ములు పడతాయి. సగటు లెక్కలో ఫీజులకు పెట్టుకున్నది 48,000, కట్టాల్సింది 64,000. ఆ తేడా 16 వేలకు లక్ష్యాన్ని మార్చాల్సిన పని లేదుగానీ, ఎక్కడ ఇరుకవుతుందో ముందే తెలిసి ఉండటం మంచిది.

ఈఎంఐని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కష్టమొస్తే బ్యాంకు ఆగదా అనుకుంటారు. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ప్రకటించిన మారటోరియం ఆ నమ్మకాన్ని పెంచింది. మొదట మూడు నెలలకిచ్చి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించారు. అది దేశమంతా మూతపడినప్పుడు ఇచ్చిన వెసులుబాటు. ఒక్క మనిషి ఉద్యోగం పోయినప్పుడు అలాంటిది దానంతటదే రాదు. పైగా అప్పుడు కూడా ఆగింది వాయిదాయే, వడ్డీ నడుస్తూనే ఉంది. కాబట్టి ఈఎంఐని పూర్తిగా లెక్కలో ఉంచాల్సిందే.

చీటీ సంగతి ఇంకా తిరకాసు. మన ఇళ్లలో చీటీనే ఆపద్ధనం అనుకునే అలవాటు పాతది. లక్ష రూపాయల చీటీ, నెలకు ఐదువేల చొప్పున ఇరవై నెలలు. నాలుగో నెలలో అవసరం పడి పాడుకున్నారనుకోండి. ఆ నెల మీలాగే అవసరంలో ఉన్నవాళ్లు మరో ఇద్దరుంటే పాట పాతిక వేలకు పోవచ్చు. చేతికొచ్చేది 75 వేలు. అదీ జామీనులు కుదిరాకే. మిగతా పదహారు నెలల వాయిదాలు మాత్రం తప్పవు, జీతం ఉన్నా లేకున్నా. ఇంకా పాడనివాళ్లు మధ్యలో కట్టడం మానేస్తే, కట్టిన సొమ్ము చేతికి రావడానికి చాలాసార్లు చీటీ ముగిసేదాకా ఎదురుచూడాలి. అందుకే చీటీ వాయిదాను ఖర్చు వైపు రాశాం. చేతిలో ఉన్న సొమ్ము వైపు రాయలేదు.

కొత్తగా వచ్చి పడేది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. అప్పుడు పరిగెత్తి కొత్తది తీసుకుంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిమ్ ఉండదు. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోవడం మేలు. కాకపోతే ఆ రెండువేలు ఇవాళ్టి మిగులులోంచి పోతాయి, అంతే.

ఆరు నెలలేనా?

ఆరు అనే అంకెకు శాస్త్రమేమీ లేదు. అడగాల్సిందల్లా, ఉన్న పని పోతే మరో పని దొరకడానికి మీ రంగంలో ఎన్నాళ్లు పడుతోందని. తోటివాళ్లలో ఈమధ్య ఉద్యోగం మారినవాళ్లనో, పోగొట్టుకున్నవాళ్లనో అడిగితే తెలిసిపోతుంది. పర్మినెంటు ప్రభుత్వోద్యోగికి మూడు నెలలు చాలు. యాభై దాటి, ఒకే రకం సాఫ్ట్‌వేర్ మీద ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లకు తొమ్మిది నెలలు కూడా తక్కువే కావచ్చు. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తుంటే పెద్ద జీతం ఆగినప్పుడు పడే లోటునే లెక్కవేయాలి. పై ఇంట్లో ఆవిడకు నెలకు 20,000 వస్తుంటే లోటు 40,000 మాత్రమే, ఆరు నెలలకు 2.4 లక్షలు. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉంటే మాత్రం ఈ తగ్గింపు వేసుకోకూడదు.

పెళ్లిళ్ల మీద బతికే వృత్తులది వేరే లెక్క. ఫొటోగ్రాఫర్లు, వంట మేస్త్రీలు, షామియానా వాళ్లు, పురోహితులు ఆషాఢంలో, శూన్యమాసంలో ఖాళీగా ఉంటారు. శుక్ర మూఢం వస్తే ఒక్కోసారి రెండు నెలలు దాటి ఖాళీ. అది ఆపద కాదు, పంచాంగంలో ఏడాది ముందే అచ్చయి ఉంటుంది. ఆ ఖాళీ నెలల సొమ్ము వేరే తీసిపెట్టాకే, అనుకోని దెబ్బకు మూడు నెలలో ఆరు నెలలో అని లెక్క మొదలుపెట్టాలి. రెండూ ఒకే డబ్బాలో వేస్తే ప్రతి ఆషాఢానికీ డబ్బా ఖాళీ అవుతుంది.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లకు గడియారం ఇంకోలా తిరుగుతుంది. ఉద్యోగం పోయాక మరో యజమానినో మరో వీసా దారినో వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. అది దాటితే పెట్టె సర్దుకోవాలి. అందుకని వాళ్లు అక్కడి నెలలు రెండు మూడు, దానిమీద కుటుంబం మొత్తానికి విమానం టికెట్లు, అద్దె ఒప్పందం మధ్యలో తెంచుకుంటే కట్టాల్సింది, ఇక్కడికొచ్చాక కొన్ని నెలల ఖర్చు అని లెక్కవేయాలి. ఆరు డాలరు నెలల గుణకారం వాళ్లకు సరిగ్గా అతకదు.

42 నెలల నుంచి 23కి

మళ్లీ మియాపూర్ ఇంటికి వద్దాం. లక్ష్యం 3,60,000. ఇప్పటికే ఉన్నదెంత? వీళ్లకు 45,000 ఎఫ్‌డీ ఉంది, అదొక్కటే లెక్కలోకి వస్తుంది. బంగారం, పీఎఫ్ రాయలేదు. బంగారం మీద వచ్చేది అప్పు, దానికి నెలనెలా వడ్డీ. పీఎఫ్ ముసలితనానికి దాచింది, పైగా క్లెయిమ్ పెట్టుకున్న రోజే చేతికి రాదు. ఇంకా కావలసింది 3,15,000.

ఇక నెలకెంత వేయగలరు? 80,000లోంచి అసలు ఖర్చు 72,500 తీసేస్తే మిగిలేది 7,500. భాగిస్తే 42 నెలలు. మూడున్నరేళ్లు. ఈ అంకె చూసే చాలామంది లెక్క కాగితం మడిచి పెట్టేస్తారు. మడవకుండా ఇంకాసేపు చూస్తే అందులోనే దారి కనిపిస్తుంది.

మొదట సిప్. నెలకు మూడువేలు మ్యూచువల్ ఫండ్లలో వేస్తున్నారు. ఆపద్ధనం లేని ఇంట్లో ఉద్యోగం పోతే మొదట అమ్ముకునేది ఆ ఫండ్లనే, మార్కెట్ ఏ స్థితిలో ఉన్నా సరే. కాబట్టి కొన్నాళ్లు ఆ మూడువేలను ఇటు తిప్పుకోవచ్చు. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదు. నేనైతే తిప్పమనే అంటాను. అప్పుడు నెలకు 10,500. సరిగ్గా 30 నెలలు.

తర్వాతది బైక్ ఈఎంఐ. ఇంకా పది వాయిదాలున్నాయి. అవి తీరిపోగానే రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. నెలనెలా వేయగలిగింది 10,500 నుంచి 15,000 అవుతుంది. ఆ 4,500 కుడివైపు వరుసలోంచి కూడా పోతుంది కాబట్టి జీతం రాని నెల ఖరీదు 55,500కు, ఆరు నెలల లక్ష్యం 3,33,000కు దిగుతుంది. పది నెలల్లో 1,05,000 కూడుతుంది, పాత 45,000తో కలిపి 1,50,000. ఇంకా కావలసిన 1,83,000ను పదిహేను వేలతో భాగిస్తే 12.2. పన్నెండు నెలల పైన ఏ కాస్త మిగిలినా మరో నెల పడుతుంది కాబట్టి 13. మొత్తం 23 నెలలు.

ఇక్కడే ఒక మెలిక చూడాలి. హోటళ్లు తగ్గించినా మిగులు పెరుగుతుంది, లక్ష్యం మాత్రం కదలదు, ఎందుకంటే ఆ ఖర్చును కుడివైపు వరుసలో ముందే సున్నా చేశాం. అద్దె, ఈఎంఐ, ఫోన్ బిల్లులాంటివి తగ్గితే రెండూ కదులుతాయి. ప్రతి వెయ్యికీ లక్ష్యం ఆరువేలు దిగుతుంది, నెలనెలా వేసేది వెయ్యి పెరుగుతుంది. దీనికి తిరగేసిన రూపమూ ఉంది. జీతం పెరిగిందని నెలకు 9,000 ఈఎంఐతో కారు కొంటే మిగులు తొమ్మిదివేలు పోవడమే కాక లక్ష్యం 54,000 పైకి జరుగుతుంది. షోరూంలో ఎవరూ ఈ లెక్క వేసి చూపించరు.

కంప్యూటర్‌లో వేసుకోవాలనుకునేవాళ్లు ఎక్సెల్ పేజీలో B1లో జీతం రాని నెల ఖర్చు, B2లో ఎన్ని నెలలకో, B3లో ఇప్పటికే ఉన్నది, B4లో నెలనెలా వేసేది రాసి, ఇంకో గడిలో ఇది కొట్టొచ్చు:

```
=ROUNDUP((B1*B2-B3)/B4,0)
```

వడ్డీ, ధరలు, దసరా

వడ్డీ లెక్కలోకి తీసుకోలేదేమని ఎవరైనా అడగొచ్చు. నెలకు 10,500 చొప్పున ఏడాదికి ఆరు శాతం వడ్డీతో వేస్తే 30 నెలల బదులు 28 నెలల్లో 3.6 లక్షలు కూడుతుంది. కలిసొచ్చేది రెండు నెలలే. కానీ ఈలోగా ధరలు ఊరుకోవు. ఖర్చులు ఏడాదికి ఐదు శాతం పెరుగుతాయనుకుంటే లక్ష్యం కూడా పైకి జరుగుతూ పోతుంది. వడ్డీనీ ధరలనూ రెండింటినీ కలిపి లెక్కిస్తే 32వ నెలలో గానీ అందదు. మామూలు భాగహారంతో వచ్చిన 30కి అది దగ్గరే. అందుకే కాగితం మీద సాదా లెక్క వేసుకుని, ఏడాదికోసారి కుడివైపు వరుస మళ్లీ రాసుకుంటే సరిపోతుంది. అర శాతం ఎక్కువ వడ్డీ ఎక్కడిస్తారో వెతుకుతూ వారాలు గడపడం దండగ.

అసలు దెబ్బ తగిలేది డబ్బు వేయని నెలల్లో. దసరాకు ఒక నెల, జూన్‌లో ఒక నెల తప్పించారనుకోండి. ముప్పై వాయిదాలు ఏడాదికి పది చొప్పున మూడేళ్లవుతాయి. వడ్డీ తెచ్చిన రెండు నెలలకు ఇది మూడింతలు. ఈ నెలలు ఎందుకు తప్పిపోతాయి? పై పట్టికలో ఫీజులు, పండగలు, ప్రీమియంలకని నెలకు పక్కన పెట్టిన 12,000ను నిజంగా పక్కన పెట్టకపోవడం వల్ల. అవి కూడా సేవింగ్స్ ఖాతాలోనే పడి ఉంటే బ్యాలెన్సు నిండుగా కనిపిస్తుంది, జనవరిలో కొత్త ఫోన్ వస్తుంది, జూన్‌లో చెయ్యి ఆపద్ధనం మీదికి పోతుంది. ఆ పన్నెండు వేలకు వేరే ఖాతా ఉండాలి. ఆపద్ధనం నుంచి ఫీజు కట్టాల్సి వచ్చిందంటే గుర్తించాల్సింది ఇదే: వచ్చింది ఆపద కాదు, పట్టికలో ఒక వరుస తప్పింది.

ఆరు ముక్కలుగా

మొత్తం ఒకే ఎఫ్‌డీ చేస్తే, యాభై వేలు కావలసినా అంతా విరగ్గొట్టాలి. గడువుకు ముందు తీస్తే బ్యాంకులు మామూలుగా అర శాతం నుంచి ఒక శాతం దాకా వడ్డీ తగ్గిస్తాయి. అందుకే ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతాది ఒక్కో నెల ఖర్చు చొప్పున ఐదు ఎఫ్‌డీలుగా వేస్తే అవసరమైన ముక్కే విరుగుతుంది. కూడబెట్టేటప్పుడూ ఇదే తీరు సుఖం. ఒక నెల ఖర్చంత పోగైన ప్రతిసారీ ఒక ఎఫ్‌డీ. జీతం పడే ఖాతా ఉన్న బ్యాంకులో కాకుండా మరో బ్యాంకులో, ఫోన్ యూపీఐకి తగిలించకుండా ఉంచితే చెయ్యి ఊరికే అటు పోదు. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా ఉంది. ఈ ఇంటి నిధి మొత్తం దాని నీడలోనే ఉంటుంది.

ఎవరి పేరున అన్నది వడ్డీ రేటుకన్నా ముఖ్యం. ఆపద అంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, సంపాదించే మనిషే ఆసుపత్రిలో ఐసీయూలో ఉండటం కూడా. ఇద్దరి పేరునా ‘ఎయిదర్ ఆర్ సర్వైవర్’ అని ఎఫ్‌డీ వేసి నిశ్చింతగా ఉంటారు. గడువు తీరాక ఎవరైనా తీసుకోవచ్చు, నిజమే. గడువుకు ముందే తీయాలంటే మాత్రం చాలా బ్యాంకులు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. ఎఫ్‌డీ వేసే రోజునే ఒక్కరి సంతకంతో ముందుగా తీసుకునే వీలు రాయించుకోవాలి. లేదంటే రెండు మూడు ముక్కలు ఆవిడ ఒక్కరి పేరునే వేయాలి. ఇద్దరి పేరున ఉన్న సేవింగ్స్ ఖాతాకు ఆవిడ ఏటీఎం కార్డు ఆవిడ దగ్గర, పిన్ ఆవిడకు తెలిసి ఉండాలి. కార్డు ఆయన పర్సులో ఉంటే ఖాతాలో ఆవిడ పేరున్నా లాభం లేదు.

మధ్యలో వాడుకోవాల్సి వస్తే లెక్క మళ్లీ అదే భాగహారం. పంతొమ్మిదో నెలలో, నెలకు 15,000 దారిలో నడుస్తున్నప్పుడు, ఊళ్లో అమ్మ కింద పడి ఆసుపత్రిలో చేర్చాక బీమా కింద రాని ఖర్చులు 42,000 అయ్యాయనుకోండి. 42,000ను 15,000తో భాగిస్తే 2.8. ముందటి 12.2కు కలిపితే సరిగ్గా 15 నెలలు. ఇరవై మూడో నెలలో పూర్తి కావలసిన నిధి ఇరవై ఐదో నెలలో పూర్తవుతుంది. ఆ తర్వాతి నెల నుంచి సిప్ మూడువేలు తిరిగి మొదలవుతాయి. మిగతా పన్నెండు వేలు ఎక్కడ వేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు.